పీఎఫ్ పదిహేను వేల మీదా, పూర్తి బేసిక్ మీదా? రాయగడ వైపు ఉద్యోగులకు ఒక పోలిక

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లోని తెలుగువారిలో చాలామంది మొదటి ఉద్యోగం విశాఖపట్నంలోనో విజయనగరంలోనో చేసి, తరువాత ఇంటికి దగ్గరగా ఉంటుందని ఇటువైపు కర్మాగారాల్లో చేరుతుంటారు. చేరిన రోజున సంతకాలు పెట్టించుకునే కాగితాల్లో భవిష్య నిధి కాగితం కూడా ఒకటి ఉంటుంది. బేసిక్, డీఏ కలిపి పదిహేను వేలు దాటినవారిని కొన్ని సంస్థలు ఒక ప్రశ్న అడుగుతాయి: పీఎఫ్ పదిహేను వేల మీదే లెక్కించాలా, పూర్తి బేసిక్ మీద లెక్కించాలా? ఎక్కువమంది చేతికొచ్చే జీతం తగ్గకూడదని మొదటిదానికి టిక్కు పెట్టేసి మరిచిపోతారు. పాతికేళ్ల తరువాత చేతికందే మొత్తం ఎంతన్నది చాలావరకు ఆ టిక్కే నిర్ణయిస్తుంది కనుక, సంతకానికి ముందే లెక్క కట్టి చూసుకోవడం మంచిది.

ముందుగా చట్టం చెప్పేదేమిటో చూద్దాం. ఉద్యోగి జీతంలోంచి 12 శాతం కోస్తారు, యజమాని తన వైపునుంచి మరో 12 శాతం కడతాడు. అయితే యజమాని కట్టే 12 శాతమూ మన పీఎఫ్ ఖాతాలోకి రాదు. అందులో 8.33 శాతం పింఛను పథకానికి వెళ్తుంది, మిగిలిన 3.67 శాతమే పీఎఫ్‌లో పడుతుంది. పింఛనుకు వెళ్లే భాగాన్ని 15,000 రూపాయల జీతం వరకే లెక్కిస్తారు కాబట్టి అది నెలకు 1,250 రూపాయలకు మించదు. ఈ 15,000 పరిమితి 2014 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకుముందు 6,500 ఉండేది. పరిమితికి పైబడిన జీతం మీద కూడా తన వాటా కట్టాలన్న నిర్బంధం యజమానికి లేదు. కట్టాలనుకుంటే ఉద్యోగి, యజమాని ఇద్దరూ కలిసి అంగీకారం తెలపాలి. బేసిక్ పదిహేను వేల లోపు ఉన్న కాంట్రాక్టు కార్మికులకు ఈ ఎంపికే లేదు, వారికి పూర్తి బేసిక్, డీఏ మీద కోత తప్పనిసరి. అందువల్ల ఈ వ్యాసం వారికంటే కాస్త ఎక్కువ జీతం ఉన్నవారికే పనికివస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముప్పై మూడేళ్ల స్టోర్స్ ఉద్యోగి ఒకరు రాయగడ దగ్గరి ఒక కర్మాగారంలో బేసిక్, డీఏ కలిపి 25,000 రూపాయలకు చేరారనుకోండి. అంతకుముందు విశాఖలో ఆరేళ్లు పనిచేశారు, అక్కడ పీఎఫ్‌లో చేరినప్పుడు జీతం పదిహేను వేల లోపే ఉంది కనుక పింఛను పథకంలోనూ సభ్యులయ్యారు. పదవీ విరమణ యాభై ఎనిమిదేళ్లకు, అంటే ఇంకా పాతికేళ్లుంది.

పదిహేను వేల మీదే లెక్కిస్తే ఆయన జీతంలోంచి 1,800 కోస్తారు, యజమాని 1,800 కడతాడు. యజమాని కట్టినదాంట్లో 1,250 పింఛనుకు పోగా 550 మాత్రమే పీఎఫ్‌లో పడుతుంది. నెలకు పీఎఫ్‌లో జమ అయ్యేది 2,350 రూపాయలు. పూర్తి 25,000 మీద లెక్కిస్తే ఇద్దరూ చెరో 3,000 కడతారు. పింఛనుకు పోయేది అప్పుడూ 1,250 మాత్రమే కనుక యజమాని వాటాలోంచి 1,750 పీఎఫ్‌లోకి వస్తుంది, మొత్తం నెలకు 4,750 అవుతుంది. జీతంలో కోత 1,200 రూపాయలే పెరిగింది, జమ మాత్రం రెట్టింపు దాటింది. పింఛను వాటా కదలకుండా ఉండి, పెరిగినదంతా పీఎఫ్‌లో పడడమే ఇందుకు కారణం. పాస్‌బుక్‌లో యజమాని వాటా దగ్గర 550 అని చూసి, మిగతాది కంపెనీ మింగేసిందని అనుమానపడేవారు తరచుగా కనిపిస్తారు. ఆ పక్కనే పింఛను వాటా అన్న మూడో గడిలో 1,250 ఉందో లేదో చూసుకుంటే ఆ అనుమానం అక్కడే తీరిపోతుంది.

వడ్డీ ఎలా పెరుగుతుంది

పీఎఫ్ వడ్డీ రేటును ఏటా ప్రకటిస్తారు. 2023-24కూ 2024-25కూ అది 8.25 శాతం. మన ఊళ్లలో వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెప్పుకుంటాం కనుక ఆ లెక్కలో చూస్తే, ఇది నూటికి నెలకు 69 పైసల కంటే కొంచెం తక్కువ. వడ్డీని ప్రతి నెలా ఖాతాలో ఉన్న నిల్వ మీద లెక్కిస్తారు, కానీ అసలులో కలిపేది ఏడాదికి ఒక్కసారి, ఆర్థిక సంవత్సరం ముగిసినప్పుడు. ఒక నెలలో జమ అయిన మొత్తానికి తరువాతి నెల మొదటి తేదీ నుంచి వడ్డీ మొదలవుతుంది. కనుక ఏడాదిలో మొదట జమ అయిన వాయిదాకు పదకొండు నెలల వడ్డీ వస్తుంది, చివర జమ అయినదానికి ఆ ఏడాది ఏమీ రాదు.

నెలకు 4,750 చొప్పున మొదటి ఏడాది 57,000 జమ అయితే వచ్చే వడ్డీ సుమారు 2,155 రూపాయలు. ఇది చూసి ఎవరికైనా నిరుత్సాహం కలుగుతుంది. రెండో ఏడాది 59,155 మీద ఏడాది పొడుగునా వడ్డీ వస్తుంది కనుక, కొత్త వాయిదాల వడ్డీ కూడా కలుపుకొని అది 7,035 అవుతుంది. అలా పెరుగుతూ పదో ఏడాదికి వచ్చేసరికి ఆ ఏడాది వడ్డీ దాదాపు 63,700కు చేరి, ఆ ఏడాది జమ చేసిన 57,000ను దాటిపోతుంది. అక్కడినుంచి నిధిని పెంచేది ప్రధానంగా వడ్డీయే. ఉద్యోగం మారినప్పుడల్లా డబ్బు తీసేసుకునేవారు మళ్లీ మళ్లీ మొదటి ఏడాది వడ్డీ దగ్గరే ఆగిపోతారు, పదో ఏడాది వడ్డీని వారు ఎన్నడూ చూడరు.

పాతికేళ్లపాటు జీతం పెరగకుండా, రేటు 8.25 శాతమే ఉందనుకుంటే, పదిహేను వేల మీద లెక్కించినవారికి చివర వచ్చేది సుమారు 22.19 లక్షలు. అందులో జమ అయినది 7.05 లక్షలు, మిగతాదంతా వడ్డీ. పూర్తి బేసిక్ మీద లెక్కించినవారికి 14.25 లక్షల జమ మీద సుమారు 44.86 లక్షలు వస్తుంది.

అయితే జీతం పాతికేళ్లు అలాగే ఉండిపోదు. తేడా అసలుగా బయటపడేది జీతం పెరిగినప్పుడే. పదిహేను వేల పద్ధతిలో కోత 1,800 దగ్గర గడ్డకట్టి ఉంటుంది, బేసిక్ యాభై వేలైనా అది కదలదు. పూర్తి బేసిక్ పద్ధతిలో ప్రతి ఇంక్రిమెంటుతోనూ రెండు వాటాలూ పెరుగుతాయి. బేసిక్ ఏటా 5 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే చివరి మొత్తం సుమారు 77 లక్షలకు చేరుతుంది, మొదటి పద్ధతిలో మాత్రం అదే 22 లక్షలు. అప్పటికి ధరలూ పెరిగి ఉంటాయి కనుక 77 లక్షలను నేటి 77 లక్షలుగా భావించకూడదు. కానీ అదే ధరల పెరుగుదల 22 లక్షలనూ తినేస్తుంది కదా.

రేటు శాశ్వతం కాదన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1989-90 నుంచి పదకొండేళ్లపాటు 12 శాతం వడ్డీ ఇచ్చిన నిధి ఇది, 2021-22లో 8.1 శాతానికీ దిగింది. పాతికేళ్లూ సగటున 7.5 శాతమే వస్తుందనుకుంటే జీతం పెరగని లెక్కలో 44.86 లక్షల స్థానంలో సుమారు 40 లక్షలు వస్తుంది. తగ్గుదల చిన్నదేమీ కాదు, అయినా రెండు పద్ధతుల మధ్య ఉన్న అంతరంతో పోలిస్తే తక్కువే. అందుచేత రేటు ఎలా ఉంటుందోనని ఆలోచిస్తూ కూర్చోవడం కంటే, ఎంత మీద కోత వేయించుకోవాలన్నది తేల్చుకోవడమే ముందు చేయవలసిన పని.

యజమాని వాటా ఎవరి జేబులోంచి వస్తున్నది

పూర్తి బేసిక్ ఎంచుకునేముందు ఆఫర్ లెటరులో ఒక విషయం చూడాలి. యజమాని కట్టే పీఎఫ్ వాటాను సీటీసీలో, అంటే ఏడాదికి మీ కోసం సంస్థ పెట్టే మొత్తం ఖర్చులో కలిపారా, దానికి అదనంగా ఇస్తున్నారా? ఈ ఒక్క తేడా మీద సలహా మొత్తం మారిపోతుంది.

అదనంగా ఇస్తుంటే ఆలోచించవలసింది పెద్దగా ఏమీ లేదు. చేతికొచ్చే జీతంలో 1,200 తగ్గుతుంది, నిధిలో 2,400 పెరుగుతుంది. పెట్టిన రోజునే రెట్టింపయ్యే పొదుపు మరొకటి దొరకదు. ఇంటి ఖర్చు ఎంత ఇరుకుగా ఉన్నా ఇక్కడ పూర్తి బేసిక్ వైపే మొగ్గాలని నా అభిప్రాయం.

సీటీసీలో కలిపి ఉంటే ఆ అదనపు యజమాని వాటా నిజానికి మీ జీతమే. అప్పుడు చేతికొచ్చేది 1,200 కాదు, 2,400 తగ్గుతుంది. అలాంటిచోట మూడో దారి ఒకటి ఉంది. పీఎఫ్‌ను పదిహేను వేల మీదే ఉంచి, మిగిలిన 2,400ను స్వచ్ఛంద పీఎఫ్ కింద, అందరూ వీపీఎఫ్ అనేదాని కింద కోయించుకోవచ్చు. వీపీఎఫ్‌లో యజమాని ఒక్క రూపాయి కూడా కలపనక్కరలేదు, వడ్డీ మాత్రం అదే వస్తుంది, డబ్బు పడేదీ అదే ఖాతాలో. కనుక నెలకు జమ 4,750 దగ్గరే ఉంటుంది. తేడా వెసులుబాటులో ఉంది. వీపీఎఫ్‌ను సంస్థ నియమాన్ని బట్టి సాధారణంగా ఏడాదికొకసారి తగ్గించుకోవడానికో ఆపుకోవడానికో వీలుంటుంది, పూర్తి బేసిక్‌కు ఒప్పుకున్న తరువాత వెనక్కి రావడం అంత తేలిక కాదు. మరోవైపు, వీపీఎఫ్‌ను నిర్ణీత మొత్తంగా రాయిస్తే జీతం పెరిగినప్పుడల్లా మనమే గుర్తుపెట్టుకుని పెంచమని రాసివ్వాలి, అలా రాసిచ్చేవారు అరుదు. దానిని బేసిక్‌లో ఇంత శాతమని రాయిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

పన్ను సంగతి ఈ జీతాల స్థాయిలో క్లుప్తంగా చూస్తే చాలు. యజమాని వాటా పరిమితుల లోపల మన ఆదాయంలోకి రాదు, వీపీఎఫ్ పన్ను లెక్కించిన జీతంలోంచి పోతుంది. పాత పన్ను విధానంలో ఉన్నవారికి మన వాటా మీద 80సి మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు. పన్నే పడనివారికి ఈ రెంటిలో ఏదైనా ఒకటే. సొంత వాటా, వీపీఎఫ్ కలిపి ఏడాదికి 2.5 లక్షలు దాటితే పైమొత్తం మీద వచ్చే వడ్డీకి పన్ను ఉంటుంది, మన ఉదాహరణలోని ఉద్యోగి పాతికో ఏడు వరకూ ఆ గీత దగ్గరికే వెళ్లరు.

పూర్తి బేసిక్ వద్దని నేను గట్టిగా చెప్పే సందర్భం ఒకటి ఉంది. యజమాని వాటా సీటీసీలోనే ఉండి, ఇంట్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే, ఏడాదికి 24 శాతం కడుతూ ఇటు 8.25 శాతానికి దాచడంలో అర్థం లేదు. ఆ 2,400తో ముందు అప్పు తీర్చి, తీరిన నెల నుంచే వీపీఎఫ్ మొదలుపెట్టాలి. అవసరమైతే పీఎఫ్‌లోంచి తీసుకోవచ్చులే అన్న ధీమాతో ఎక్కువ కోయించుకోవడం కూడా మంచిది కాదు. ఇల్లు, వైద్యం, చదువు, పెళ్లి వంటి వాటికి కొంత తీసుకునే వీలు ఉన్నమాట నిజమే. కానీ విరమణకు ఇరవై ఏళ్లుండగా తీసిన 50,000 అదే రేటున ఖాతాలోనే ఉంటే సుమారు 2.44 లక్షలయ్యేది.

విశాఖలో మిగిలిపోయిన పాత నిల్వ

మన ఉదాహరణలోని ఉద్యోగికి విశాఖ ఖాతాలో 1,60,000 రూపాయలున్నాయనుకుందాం. తీసేసుకోవాలా, కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోవాలా అన్నది ఆయన ముందున్న రెండో ఎంపిక, నా దృష్టిలో మొదటిదానికంటే ఇదే తేలికైనది. ఆ మొత్తాన్ని కదపకుండా బదిలీ చేస్తే మరొక్క రూపాయి కలపకపోయినా 8.25 శాతం రేటున పాతికేళ్లకు సుమారు 11.6 లక్షలవుతుంది.

డబ్బుతోపాటు సర్వీసూ కదులుతుంది. పింఛనుకు ఇచ్చే సూత్రంలో వడ్డీకి చోటే లేదు. నెలకు 1,250 చొప్పున ఎన్నేళ్లు కట్టినా ఆ గడిలో వడ్డీ కనిపించదు, చూసేది జీతాన్నీ సర్వీసు ఏళ్లనూ మాత్రమే. పింఛను జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. జీతం ఇక్కడ కూడా 15,000కు మించదు, ఇరవై ఏళ్లు నిండినవారికి రెండేళ్లు అదనంగా కలుపుతారు. పాత ఆరేళ్లను నిలుపుకుంటే ఈ ఉద్యోగికి ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు, రెండేళ్లు కలిపి ముప్పై మూడు, అంటే నెలకు సుమారు 7,071 రూపాయల పింఛను. పీఎఫ్‌తోపాటు పింఛను సొమ్మునూ తీసేసుకుంటే ఆరేళ్లు చెరిగిపోయి, పాతికకు రెండు కలిపి 5,786 మిగులుతుంది. జీవితాంతం నెలకు దాదాపు 1,285 తగ్గుదల అది. అసలు పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. మూడేసి ఏళ్లకు ఉద్యోగం మారి ప్రతిసారీ తీసేసుకునేవారికి ఆ పదేళ్లూ ఎప్పటికీ నిండవు. మొత్తం సర్వీసు అయిదేళ్లు నిండకుండా తీసుకుంటే పన్ను కూడా పడవచ్చు.

పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కట్టినా పింఛను పెరగదని పై లెక్కలోనే తెలుస్తుంది. రెండు పద్ధతుల్లోనూ పింఛను వాటా 1,250 దగ్గరే ఆగుతుంది. ఈ విషయంలో కొన్నిచోట్ల సిబ్బంది విభాగంవారే తప్పు చెప్పడం నేను విన్నాను. ఇక 2014 సెప్టెంబరు తరువాత మొదటిసారి పీఎఫ్‌లో చేరినప్పుడే 15,000కు మించిన జీతం ఉన్నవారికి పింఛను పథకం వర్తించదు. వారి విషయంలో యజమాని కట్టే 12 శాతమూ నేరుగా పీఎఫ్‌లో పడుతుంది, కనుక వారికి నిధి పైన చూపినదానికంటే పెద్దదవుతుంది, నెలనెలా వచ్చే పింఛను ఉండదు.

బదిలీ చేయించుకోవడంలో సరిహద్దు జిల్లాలవారికి ఎదురయ్యే చిక్కు ముఖ్యంగా పేరు దగ్గర వస్తుంది. ఆంధ్ర వైపు కాగితాల్లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశాలో చదివినవారి సర్టిఫికెట్లలో చాలాసార్లు అది చివరికి వెళ్తుంది, ఆధార్‌లో ఇంకొక రకంగా పొడి అక్షరమే ఉంటుంది. విశాఖ సంస్థ ఒక రకంగా, రాయగడ సంస్థ మరొక రకంగా నమోదు చేస్తే రెండు ఖాతాలూ ఒకే మనిషివని తేలక బదిలీ నిలిచిపోతుంది. ఎన్ని ఉద్యోగాలు మారినా పీఎఫ్ సభ్యుడికి ఒక్కటే ఉండవలసిన నంబరు యూఏఎన్. కొత్తచోట చేరేటప్పుడు పాత యూఏఎన్ నంబరు చెప్పకపోతే రెండో నంబరు పుట్టే ప్రమాదమూ ఉంది. కనుక చేరిన రోజునే పాత యూఏఎన్ ఇచ్చి, పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించాలి. పాత సంస్థ ఉద్యోగం వదిలిన తేదీని నమోదు చేయకపోయినా బదిలీ ఆగుతుంది. వదిలిన రెండు నెలల తరువాత ఆ తేదీని సభ్యుడే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు.

ఏ పద్ధతి ఎంచుకున్నా, కోసిన డబ్బు జమ అవుతోందో లేదో చూసుకోవడం సభ్యుడి పనే. ఒక నెల జీతానికి సంబంధించిన వాటాలను యజమాని మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. passbook.epfindia.gov.in లో గానీ ఉమంగ్ యాప్‌లో గానీ పాస్‌బుక్ తెరిస్తే నెలవారీగా కనిపిస్తుంది. ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లలో ఉన్నవారు, యూఏఎన్ యాక్టివేట్ అయి ఉంటే, నమోదైన ఫోను నుంచి 7738299899కు `EPFOHO UAN TEL` అని సందేశం పంపితే వివరాలు తెలుగులోనే వస్తాయి. పేస్లిప్పులో కోత కనిపించి పాస్‌బుక్‌లో రెండు నెలలుగా జమ కనిపించకపోతే సంస్థను రాతపూర్వకంగా అడగాలి, జవాబు రాకపోతే పీఎఫ్ కార్యాలయానికి ఫిర్యాదు చేయాలి. వడ్డీ పద్దు మాత్రం ఏప్రిల్‌లోనే కనిపించకపోతే ఆందోళన అక్కరలేదు. దానిని ఆలస్యంగా రాసినా మార్చి 31 నాటి నిల్వలో కలిసినట్టే లెక్కిస్తారు, అందువల్ల తరువాతి ఏడాది వడ్డీలో నష్టమేమీ ఉండదు.

బదిలీ పూర్తయిన తరువాత కొత్త పాస్‌బుక్‌లో పాత ఉద్యోగి వాటా, యజమాని వాటా వచ్చి చేరతాయి, పింఛను గడిలో మాత్రం సున్నా కనిపిస్తుంది. పింఛను విషయంలో కదిలేది సర్వీసు కాలమే, డబ్బు కాదు కనుక అక్కడ సున్నా ఉండడమే సరైనది. పోర్టల్‌లో సర్వీసు చరిత్ర తెరిచి విశాఖలోని ఆరేళ్లూ చేరిన తేదీ, వదిలిన తేదీలతో సహా కనిపిస్తున్నాయో లేదో చూసి, ఆ పేజీని అచ్చు తీసి నియామక పత్రంతోపాటు దాచుకోవాలి.